మిరియాలు, జీలకర్ర గింజలుగానే కొనండి

మిరియాల పొడి పాతబడిందని గుర్తుపట్టడం అనుకున్నంత తేలిక కాదు. నాలుక మీద వేసుకుంటే చురుక్కుమంటుంది కాబట్టి బాగానే ఉందనుకుంటాం. ఆ చురుకు పిపెరిన్ అనే పదార్థానిది. అది ఆవిరై పోయే రకం కాదు కనుక నెలల తరబడి నిలవున్న పొడిలోనూ చాలావరకు ఉంటుంది. మిరియానికి ఉన్న రెండో గుణం, చారు గిన్నె మూత తీయగానే ముక్కుకు తగిలే పరిమళం, వేరే నూనెలది. అవి మామూలు గది వేడికే కొద్దికొద్దిగా గాలిలో కలిసిపోతాయి. అందుకే పాత పొడితో పెట్టిన చారు గొంతులో మండుతుంది గానీ ఘుమఘుమలాడదు. ఇంకో చెంచా వేస్తే మంట పెరుగుతుందే తప్ప వాసన రాదు.

జీలకర్రకు కారం లేదు, ఉన్నదంతా వాసనే. గింజ పొడవునా కనిపించే సన్నటి గీతల మధ్య, పైపొర కింద, నూనె నిండిన నాళాలుంటాయి. గింజ చెక్కుచెదరనంత కాలం ఆ నూనె చాలావరకు లోపలే ఉంటుంది. పొడి కొట్టగానే నాళాలన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి, దానికి మిక్సీ వేడి కూడా తోడవుతుంది. చల్లటి, చీకటి చోట గట్టి మూత పెట్టిన గింజలు ఏడాది దాకా బాగుంటాయి. పొడి మాత్రం మూడు నాలుగు వారాలు దాటితే నీరసపడుతుంది. కొన్న పొడి ప్యాకెట్ మీద ఉండేది ప్యాక్ చేసిన తేదీ. గింజ ఏ పంటదో, మర ఎప్పుడు పట్టారో అది చెప్పదు. పసుపు సంగతి వేరు, ఆ కొమ్ములు ఇంట్లో దంచడం కష్టం కాబట్టి పొడి కొనక తప్పదు. చేతిలో నలిగే జీలకర్రకూ, చిన్న రోట్లో నలిగే మిరియానికీ ఆ అవసరం లేదు.

గింజలన్నీ తాజావే అనుకోవడానికీ లేదు. జీలకర్ర గుజరాత్, రాజస్థాన్ పంట. చలికాలం మొదట్లో విత్తి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోస్తారు. కొత్త సరుకు ఊంఝా మార్కెట్ నుంచి దేశమంతా వెళుతుంది. మిరియాలు కేరళ, కొడగుల్లోనూ, మన అరకు, పాడేరు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లకు పాకించిన తీగల మీదా పండుతాయి. ఆ కోత కూడా చలికాలంలో మొదలై వేసవికి ముగుస్తుంది. మన ఇళ్ళలో మిరపకాయలు, చింతపండు ఏడాదికి సరిపడా కొనే వేసవిలోనే ఇవి కూడా కొత్తవి దొరుకుతాయి. కొట్టులో ‘కొత్త పంటేనా’ అని అడగడానికి మొహమాటపడకండి.

పరీక్షించడానికి చెయ్యి, పన్ను, ఒక గ్లాసు నీళ్ళు చాలు. చిటికెడు జీలకర్ర అరచేతిలో వేసి బొటనవేలితో గట్టిగా నలపండి. తాజా గింజ అయితే వాసన వెంటనే లేస్తుంది, కాసేపటిదాకా చేతిని వదలదు. ముక్కు దగ్గర పెట్టి వెతుక్కోవాల్సి వస్తే, లేదా దుమ్ము వాసన ముందు తగిలితే, అది పాత సరుకు. చెయ్యి నల్లబడితే రంగు పూసిన గడ్డి గింజలు కలిశాయని అనుమానించాలి. 2019లో ఢిల్లీ శివారు బవానాలో పోలీసులు పట్టుకున్న నకిలీ జీలకర్రను గడ్డి, బెల్లం పాకం, రాతిపొడితో తయారుచేశారు. అలాంటిది నీళ్ళలో వేస్తే కరిగి విడిపోతుంది. అసలు జీలకర్ర నానుతుంది గానీ కరగదు.

మిరియాన్ని కొరికి చూడండి, కానీ కారం కోసం కాదు. తాజా మిరియం పటుక్కున విరగగానే ముందు పరిమళం ముక్కుకెక్కుతుంది, ఆ వెనకే మంట వస్తుంది. నేరుగా మంటే మొదలైతే వాసన పోయిందన్నమాట. తర్వాత ఓ గుప్పెడు నీళ్ళలో వేయండి. గట్టి గింజలు మునుగుతాయి. తేలినవి తాలు గింజలైనా కావచ్చు, బొప్పాయి గింజలైనా కావచ్చు. తాలు గింజ వేళ్ళ మధ్య చితికితే లోపల బోలుగా ఉంటుంది. బొప్పాయి గింజ కాస్త కోలగా ఉంటుంది, దానికి మిరియపు వాసన ఉండదు. నాలుగైదు తేలితే కంగారుపడక్కర్లేదు, గుప్పెడులో పావువంతు తేలితే ఆ కొట్టు మార్చండి. వ్యాపారులు మిరియాన్ని లీటరు తూకంతో కొలుస్తారు. మంచి సరుకు లీటరుకు 500 నుంచి 550 గ్రాములు తూగుతుంది. అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసు నిండా పోస్తే 100 గ్రాములకు తగ్గకూడదు. నూనె రాసినట్టు నిగనిగలాడుతూ కిరోసిన్ వాసన కొట్టే మిరియాలను ముట్టుకోవద్దు.

ఇక వేయించడం. ఒక చిన్న కుటుంబానికి వారం రోజుల చారుపొడి చేద్దాం. రెండు చెంచాల జీలకర్ర, ఒక చెంచా మిరియాలు చాలు. పల్చటి స్టీలు గిన్నెలో కొన్ని గింజలు మాడిపోతుంటే కొన్ని పచ్చిగా ఉండిపోతాయి, అందుకే అడుగు మందంగా ఉన్న మూకుడు తీసుకోండి. గింజలు ఒకే వరసలో పరుచుకోవాలి. రెండింటినీ కలిపి వేయిస్తే మిరియం వేడెక్కేలోపు జీలకర్ర నల్లబడుతుంది, కాబట్టి విడివిడిగానే వేయించాలి.

సన్నటి సెగ మీద ముందు మిరియాలు. వీటికి రంగు మారనక్కర్లేదు. తేమ పోయి, చేతికి గట్టిగా వేడి తగిలి, పరిమళం మొదలవుతుండగా తీసేయాలి. రెండు నిమిషాలు అటూఇటూ పడుతుంది. ఇంకా ఉంచితే మనం దాచుకోవాలనుకున్న వాసనే గదిలోకి పోతుంది, ఆ ఘాటుకు దగ్గు కూడా వస్తుంది.

తర్వాత జీలకర్ర. చెయ్యి ఆపకుండా కలపండి. మొదట పచ్చి వాసన వస్తుంది. కాసేపటికి అది మెత్తబడి, వేయించిన పల్లీలను తలపించే కమ్మదనం అందుకుంటుంది. రంగు ఒక్క ఛాయ ముదురుతుంది, ఒకటి రెండు గింజలు చిటపటమంటాయి. అప్పుడే పొయ్యి కట్టేసి, ఆలస్యం లేకుండా పళ్ళెంలో పరచండి. మూకుడులోనే వదిలేస్తే, పొయ్యి కట్టేసినా ఆ వేడికి మాడుతుంది. చాలా ఇళ్ళలో జీలకర్ర చేదెక్కేది ఇక్కడే.

సరిగ్గా వేగిన గింజ చల్లారాక వేళ్ళ మధ్య పొడి అవుతుంది. వంగి సాగితే ఇంకా వేగాలి, మళ్ళీ ఓ అర నిమిషం ఉంచొచ్చు. నల్లబడి, పొగ వచ్చి, కొరికితే చేదుగా ఉంటే మాత్రం దాన్ని సరిచేసే దారి లేదు, పారేయాల్సిందే. పాతబడిన గింజకూ వేయించడం మందు కాదు. లేని నూనెను సెగ పుట్టించలేదు.

పూర్తిగా చల్లారాకే మిక్సీలో వేయండి. వేడి మీద వేస్తే ఆవిరి పట్టి పొడి ఉండకడుతుంది. ఆపి ఆపి తిప్పి, కాస్త బరకగా ఉండగానే తీసేయండి. చారుకు అదే బాగుంటుంది. ఆ చారు కూడా పొడి వేశాక ఎక్కువసేపు మరగకూడదు, ఒక్క పొంగు రాగానే దించాలి.

పోపుల డబ్బా పొయ్యి పక్కనే ఉంటుంది, రోజుకు పదిసార్లు తెరుస్తాం. వేడి, వెలుతురు, గాలి మూడూ దానికి తగులుతాయి. వెలుతురుకు పిపెరిన్ కూడా నెమ్మదిగా దెబ్బతింటుంది. అందుకని డబ్బాలో వారానికి సరిపడా పోసుకుని, మిగతాది గట్టి మూత సీసాలో అలమరలో దాచండి. పావుకిలో పొడి ప్యాకెట్ కొనే డబ్బుతో ఈసారి 100 గ్రాముల మంచి గింజలు కొనండి. కొట్టులోనే ఒక చిటికెడు నలిపి చూసి కొనండి.