ఏ ఫిర్యాదును ముందు పట్టుకోవాలి? ఒక్క స్లైడులో చెప్పే పరేటో చార్టు

మంగళగిరి చీరలను ఆన్‌లైన్‌లో అమ్మే ఒక చిన్న దుకాణం ఉందనుకుందాం. మూడు నెలల్లో ఫోనులోనూ వాట్సాప్‌లోనూ కలిపి 200 ఫిర్యాదులు వచ్చాయనుకుందాం. ఈ అంకెలన్నీ మనం లెక్క కోసం వేసుకున్నవే. కారణమేమిటని దుకాణంలో అడిగితే తలా ఒక మాట చెబుతారు. డెలివరీ సంగతి చూసే అబ్బాయి కొరియర్ వాళ్ల తప్పంటాడు. ఫోన్లు ఎత్తే అమ్మాయి చీరల రంగు గురించే అందరూ అడుగుతున్నారంటుంది. పోయిన వారం చిరుగున్న చీర వెనక్కి తీసుకుని డబ్బు కట్టిన యజమానికి ఆ చిరుగే కళ్లముందు మెదులుతుంది. ఎవరికి ఏది గట్టిగా తగిలిందో వారికి అదే పెద్ద సమస్య.

ఈ వాదన తేల్చడానికే పరేటో చార్టు ఉంది. ఒక్కో కారణానికి ఒక్కో స్తంభం వేసి, పెద్దది ఎడమ పక్కన మొదలుపెట్టి చిన్నదాకా వరసగా నిలబెడతారు. వాటి మీదుగా ఒక గీత పైకి వెళుతుంది. మొదటి కారణం మొత్తంలో ఎంత శాతం, మొదటి రెండూ కలిపితే ఎంత, మూడూ కలిపితే ఎంత అని కూడుకుంటూ పోయి, చివరి స్తంభం దగ్గర ఆ గీత 100 శాతానికి చేరుతుంది.

పేరు ఇటలీ ఆర్థికవేత్త విల్‌ఫ్రెడో పరేటోది. సంపద, ఆదాయం కొద్దిమంది దగ్గరే పోగుపడే తీరును ఆయన 19వ శతాబ్దం చివర్లో లెక్కగట్టారు. ఆ పేరును ఫ్యాక్టరీ లోపాలకు అంటించింది మాత్రం అమెరికాలో నాణ్యతా రంగానికి పెద్దదిక్కుగా నిలిచిన జోసెఫ్ జురాన్. కొద్ది కారణాల నుంచే ఎక్కువ నష్టం వస్తుందన్న సూత్రానికి పరేటో పేరు పెట్టడం పొరపాటేనని, కూడుకుంటూ పోయే గీత ఘనత లోరెంజ్‌కు దక్కాలని 1975లో జురానే స్వయంగా రాశారు. అప్పటికే పేరు స్థిరపడిపోయింది.

అసలు పని విడదీయడంలోనే

చార్టు గీయడం పది నిమిషాల పని. ఫిర్యాదులను కారణాలుగా విడదీయడానికి ఒక పూట పడుతుంది, చార్టు నిజం చెబుతుందా లేదా అన్నది కూడా అక్కడే తేలిపోతుంది.

రిజిస్టరులో ఉండేది కొనుగోలుదారు మాట. ‘చీర నచ్చలేదు’, ‘లేటుగా వచ్చింది’ అని రాసి ఉంటుంది. అవి బాధలే తప్ప కారణాలు కావు. మన దుకాణంలో ‘లేటు’ అన్న ఫిర్యాదులు 60 ఉన్నాయనుకుందాం. వాటిని అలాగే ఒక స్తంభంగా నిలబెడితే చూసినవాళ్లంతా కొరియర్‌ను మార్చమంటారు. అదే ఒక్కో పార్శిల్ ట్రాకింగ్ తెరిచి, ఆర్డరు వచ్చిన తేదీని, పార్శిల్ దుకాణం గడప దాటిన తేదీని పక్కపక్కన పెట్టి చూస్తే కథ మారిపోతుంది. 52 పార్శిళ్లు దుకాణంలోనే మూడు నాలుగు రోజులు ఉండిపోయాయి. కొరియర్ దగ్గర ఆలస్యమైనవి 8 మాత్రమే. కాబట్టి ఇవి రెండు స్తంభాలు కావాలి.

విడదీయడానికి ఒక కొలమానం ఉంది. ఒక స్తంభాన్ని చూపించి ‘దీన్ని ఫలానా మనిషి, ఫలానా పని చేసి తగ్గించగలడు’ అని చెప్పగలిగితే ఆ వర్గం సరిగ్గా ఉన్నట్టు. ఇద్దరి పేర్లు చెప్పాల్సి వస్తే దాన్ని ఇంకా చీల్చాలి. ‘సిబ్బంది నిర్లక్ష్యం’ లాంటి పేరుతో స్తంభం లేస్తే అందులో ఎవరూ చేయగలిగిన పనే కనబడదు. ఒకే ఫోనులో రెండు ఫిర్యాదులుంటే రెండుగా లెక్కించాలో, ముఖ్యమైనదాన్నే తీసుకోవాలో ముందే అనుకుని, ఆఖరిదాకా ఆ పద్ధతికే కట్టుబడాలి.

అలా విడదీశాక మన పట్టిక ఇలా వచ్చింది:

| కారణం | ఫిర్యాదులు | కూడుకుంటూ పోతే |
|---|---|---|
| ఫొటోలో ఒక రంగు, చీర ఒక రంగు | 78 | 39% |
| దుకాణం నుంచి పార్శిల్ ఆలస్యంగా కదలడం | 52 | 65% |
| జాకెట్టు ముక్క పెట్టకపోవడం | 26 | 78% |
| ఉతికితే రంగు దిగడం | 16 | 86% |
| చిరుగు, పోగు తెగడం | 10 | 91% |
| కొరియర్ ఆలస్యం | 8 | 95% |
| ఇతరాలు | 10 | 100% |

‘ఇతరాలు’ కొరియర్ కంటే పెద్దదే అయినా చివరనే ఉంచాలి. అది ఒక కారణం కాదు, చిల్లర కారణాల మూట. ఆ మూటే మొదటి రెండు మూడు స్తంభాలంత ఎత్తు పెరిగితే విడదీసే పని సగంలోనే ఆపేశామని అర్థం.

స్లైడు మీదికి ఎక్కించడం

ఈ పట్టికను ఎక్సెల్‌లో వేసుకుంటే A వరసలో కారణం, B వరసలో ఫిర్యాదుల సంఖ్య ఉంటాయి. C2 గడిలో ఈ సూత్రం రాసి C8 దాకా కిందికి లాగితే కూడిక శాతాలు వచ్చేస్తాయి:

```
=SUM($B$2:B2)/SUM($B$2:$B$8)
```

ఇప్పుడు పవర్‌పాయింట్‌లో Insert > Chart > Combo ఎంచుకుని, తెరుచుకున్న గళ్లలో ఈ మూడు వరసలూ అతికించాలి. ఫిర్యాదుల సంఖ్యకు Clustered Column, శాతానికి Line with Markers పెట్టి, శాతం ఎదురుగా ఉన్న Secondary Axis గడిలో టిక్కు పెట్టాలి. టిక్కు మరిచిపోతే 0.39, 0.65 లాంటి విలువలు 78 ఎత్తున్న స్తంభం పక్కన నేలకు అంటుకుపోతాయి, గీత కంటికే ఆనదు. కొత్త వెర్షన్లలో Histogram కింద Pareto అని సిద్ధంగానే ఒకటి ఉంది. అది వరస తానే పేరుస్తుంది కానీ ‘ఇతరాలు’ను కూడా ఎత్తును బట్టి మధ్యలో ఇరికిస్తుంది. అందుకే Combo మేలు.

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడి నుంచే. చార్టును అలాగే వదిలేస్తే ఎడమ పక్క కొలత 90 దగ్గర ఆగుతుంది, కుడి పక్క శాతం 120 దాకా పోతుంది. 78 ఉన్న స్తంభం చార్టు పైకప్పును తాకబోతుంది, దాని తాలూకు 39 శాతం చుక్క మాత్రం ఎక్కడో దిగువన పడి ఉంటుంది. 120 శాతం ఫిర్యాదులన్న మాటకు అర్థమే లేదు. చూసేవారికి మొదటి కారణమే సర్వస్వం అనిపిస్తుంది.

కొలత మీద రైట్ క్లిక్ చేసి Format Axis తెరిచి, ఎడమ పక్క Maximum విలువను మొత్తం ఫిర్యాదులకు, అంటే 200కు మార్చాలి. కుడి పక్క 1.0 పెట్టాలి, అదే 100 శాతం. రెండింటి అడుగూ సున్నాయే. ఇప్పుడు ఎడమ 200, కుడి 100 శాతం ఒకే ఎత్తులో ఉంటాయి. సరిగ్గా వచ్చిందో లేదో ఒక్క చూపులో తెలుసుకోవచ్చు: గీతలోని మొదటి చుక్క మొదటి స్తంభం నెత్తిన కచ్చితంగా కూర్చోవాలి. కూర్చోలేదంటే కొలత తప్పింది. చివరగా స్తంభాల Gap Width పదికో ఇరవైకో తగ్గిస్తే అవి దగ్గరగా జరిగి, మెట్లు దిగుతున్నట్టు కనిపిస్తాయి.

రంగులు రెండు చాలు. పట్టించుకోవాల్సిన మూడు స్తంభాలకు ఒక ముదురు రంగు, మిగతావాటికి బూడిద రంగు. గీత మీద అన్ని చుక్కలకూ అంకెలు వేయకుండా మూడో చుక్క పక్కన మాత్రం ‘78%’ అని రాయాలి. స్లైడు శీర్షికగా ‘ఫిర్యాదుల విశ్లేషణ’ అని పెడితే చూసేవారికి ఏమీ అందదు. ‘పదిలో దాదాపు ఎనిమిది ఫిర్యాదులకు కారణాలు మూడే: రంగు తేడా, ప్యాకింగ్ ఆలస్యం, జాకెట్టు ముక్క’ అని తీర్పునే శీర్షికగా పెట్టాలి. చార్టు దానికి సాక్ష్యంగా నిలుస్తుంది. కింద చిన్న అక్షరాల్లో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, మొత్తం ఎన్ని ఫిర్యాదులు అన్నది తప్పకుండా ఉండాలి.

కొందరు 80 శాతం దగ్గర అడ్డగీత గీసి, దాన్ని తాకేదాకా కారణాలను ఏరుతారు. 20 శాతం కారణాల నుంచి 80 శాతం ఫలితం అన్నది తరచూ కనిపించే పోలిక మాత్రమే, ప్రతిచోటా జరిగి తీరాలని ఏమీ లేదు. మన లెక్కలో ఆరు కారణాల్లో మూడు కలిస్తే 78 వచ్చింది. గీత ఎక్కడిదాకా నిటారుగా లేచి, ఎక్కడ నుంచి వాలుతోందో అదే చూడాలి. స్తంభాలన్నీ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉండి గీత ఏటవాలుగా తిన్నగా పోతుంటే, ఈ విడదీతలో పెద్ద కారణమంటూ లేదని ఒప్పుకోవాలి. అప్పుడు కారణాన్ని బట్టి కాక చీర రకాన్ని బట్టో, నేసిన మగ్గాన్ని బట్టో మళ్లీ విడదీసి చూడాలి.

ఎన్నిసార్లు, ఎంత నష్టం

ఇంతవరకూ ప్రతి ఫిర్యాదునూ ఒకటిగానే లెక్కపెట్టాం. అవే ఫిర్యాదుల మీద దుకాణానికి అయిన ఖర్చును స్తంభం ఎత్తుగా తీసుకుందాం. రంగు తేడా వస్తే వెనక్కి తెప్పించడానికి 200 రూపాయలు, అంటే 78కి 15,600. ఆలస్యమైన పార్శిల్‌కు 50 తగ్గింపు, మొత్తం 2,600. జాకెట్టు ముక్క విడిగా పంపడానికి 150, మొత్తం 3,900. ఉతికితే రంగు దిగిన చీరకు పూర్తి ధర 1,800 ఇచ్చుకోవాలి, 16 చీరలకు 28,800. చిరిగినవి 10, వాటికి 18,000. మిగతావి 1,100. అంతా కలిపి 70,000.

వరస తలకిందులైంది. ఫిర్యాదుల సంఖ్యలో నాలుగో చోట ఉన్న రంగు దిగడం ఖర్చులో 41 శాతంతో మొదటికి వచ్చింది. దానికి చిరుగులు కలిపితే 67 శాతం. రెండు చార్టులూ నిజమే. ఒకటి ఎంతమంది కొనుగోలుదారులు విసిగిపోయారో చెబుతుంది, రెండోది గల్లాపెట్టె ఎంత ఖాళీ అయిందో చెబుతుంది. మీటింగులో ఒకే చార్టు చూపించి రెండో దాన్ని దాచడం సరికాదు. ఈ ఉదాహరణలో ఫొటోలు తీసే పద్ధతి, ప్యాకింగ్ వేళలు వెంటనే మార్చుకుంటూనే, అద్దకం దగ్గర రంగు నిలుస్తుందో లేదో పరీక్షించే పని కూడా మొదలుపెట్టాలి.

మార్పు తరవాత

మరో మూడు నెలలకు రంగు తేడా ఫిర్యాదులు 78 నుంచి 20కి, ప్యాకింగ్ ఆలస్యం 52 నుంచి 15కి తగ్గి, మిగతావి అలాగే ఉన్నాయనుకుందాం. మొత్తం 105. కొత్త చార్టు గీస్తే జాకెట్టు ముక్క మొదటి స్తంభమై కూర్చుంటుంది. 13 శాతం నుంచి 25 శాతానికి ఎగబాకుతుంది. చూసినవాళ్లు ‘ఇదేమిటి, రెట్టింపైంది’ అని కంగారుపడతారు. నిజానికి అప్పుడూ 26, ఇప్పుడూ 26. శాతాలు ఎప్పుడూ నూటికే కూడతాయి కాబట్టి పెద్దవి తగ్గితే మిగిలినవి పెరిగినట్టే కనిపిస్తాయి. మునుపటికీ ఇప్పటికీ పోల్చే స్లైడులో గీత తీసేసి, ఒకే కొలత మీద పాత స్తంభాలు, కొత్త స్తంభాలు పక్కపక్కన పెట్టాలి. ఆ మూడు నెలల ఆర్డర్లు ఎన్నో కూడా రాయాలి, ఎందుకంటే అమ్మకాలు సగమైతే ఫిర్యాదులూ సగమవుతాయి.

మీ ఆఫీసులో ఎవరైనా పరేటో స్లైడు చూపిస్తే మూడు ప్రశ్నలు అడగండి. మొదటి చుక్క మొదటి స్తంభం నెత్తిన ఉందా? ప్రతి స్తంభానికీ బాధ్యత తీసుకునే మనిషి ఒక్కరే ఉన్నారా? ఇదే లెక్కను రూపాయల్లో వేసి చూశారా? మూడింటికీ అవునన్న జవాబు వస్తే ఆ స్లైడును నమ్మి పని మొదలుపెట్టవచ్చు.