బ్యాలెన్స్‌ షీట్‌ కలవలేదా? తేడా అంకెనే అడగండి!

అకౌంట్స్‌ అసిస్టెంట్‌, ఆడిట్‌ ట్రెయినీ ఇంటర్వ్యూలకు వెళ్లే బీకాం అభ్యర్థులకు కొన్నిచోట్ల ఓ చిన్న పరీక్ష పెడతారు. ఒక దుకాణం బ్యాలెన్స్‌ షీట్‌ను ఎక్సెల్‌లో తెరిచి ముందు ఉంచుతారు. ఆస్తుల మొత్తం ఒకటి, అప్పులూ మూలధనం కలిపిన మొత్తం ఇంకొకటి. ‘తేడా ఎక్కడొచ్చిందో పట్టుకోండి’ అంటారు. చాలామంది చేసే పని పై నుంచి కింది దాకా మళ్లీ కూడటం. ఎక్సెల్‌ కూడినదాన్ని క్యాలిక్యులేటర్‌తో మళ్లీ కూడితే కొత్తగా తెలిసేదేమీ ఉండదు. వెతకడానికి వేరే పద్ధతి ఉంది.

ముందు ఆ రెండు మొత్తాలూ ఎందుకు కలవాలో ఒక్క నిమిషం చూద్దాం. దుకాణంలో ఉన్న ప్రతి వస్తువూ ఎవరో ఒకరి డబ్బుతో వచ్చిందే. యజమాని పెట్టింది మూలధనం, బయటివాళ్లది అప్పు. అంటే ఒకే డబ్బును రెండు వైపుల నుంచి చూస్తున్నాం. రూ.50 వేల సరుకు అరువు తెస్తే సరుకూ పెరుగుతుంది, సరఫరాదారుకు ఇవ్వాల్సిందీ పెరుగుతుంది. ఆ బాకీ బ్యాంకు నుంచి తీర్చేస్తే రెండు వైపులా తగ్గుతుంది. ఏ లావాదేవీ అయినా రెండుచోట్ల రాయాల్సిందే. షీట్‌లో తేడా వచ్చిందంటే ఏదో ఒకటి ఒకచోట రాసి రెండోచోట వదిలేశారు, లేదా రెండుచోట్లా వేర్వేరు అంకెలు వేశారు.

షీట్‌ ఇదీ...

ఎలక్ట్రికల్‌ సామాన్లు అమ్మే ఓ దుకాణం అనుకోండి. 2025 మార్చి 31 నాటికి తయారుచేసిన చిత్తు ప్రతి ఇలా ఉంది.

ఆస్తులు: ఫర్నిచర్‌ 3,00,000; ముగింపు సరుకు 4,60,000; ఖాతాదారుల నుంచి రావాల్సిన బాకీలు, అంటే డెటర్స్‌ 3,15,000; బ్యాంకులో 1,48,400; చేతిలో నగదు 21,600. మొత్తం 12,45,000.

మూలధనం, అప్పులు: ప్రారంభ మూలధనం 6,00,000, దానికి కలపాల్సిన నికర లాభం 2,25,000, తీసేయాల్సిన సొంతవాడకాలు 1,20,000, బ్యాంకు రుణం 2,80,000, సరఫరాదారులకు ఇవ్వాల్సినవి, అంటే క్రెడిటర్స్‌ 2,21,000, చెల్లించాల్సిన ఖర్చులు 18,000. మొత్తం 12,24,000.

ఆస్తులు రూ.21,000 ఎక్కువ. కాబట్టి ఏదో ఆస్తి ఎక్కువ పడి ఉండాలి, లేదా అటువైపు ఏదో తక్కువ పడి ఉండాలి. ఈ దిశను కాగితం మీద రాసిపెట్టుకోండి. తర్వాత అక్కరకొస్తుంది.

ఇప్పుడు ఆ అంకెను మూడు ప్రశ్నలు అడగాలి. సరిగ్గా 21,000 ఏ వరుసలోనైనా ఉందా? ఉంటే ఆ అంకె ఒకచోట వదిలేశారేమో చూడాలి. ఇక్కడ లేదు. అందులో సగం, 10,500 ఎక్కడైనా కనిపిస్తోందా? కనిపిస్తే దాన్ని తప్పు గుర్తుతో వేశారేమో చూడాలి. అదీ లేదు. 9తో నిశ్శేషంగా భాగిస్తే పోతుందా? పోతే అంకెలు తారుమారైనట్టు అనుమానించాలి. 2, 1 కూడితే 3. కాబట్టి పోదు.

మూడు ప్రశ్నలకీ జవాబు రాలేదు. ఇలాంటప్పుడు మొదట అనుమానించాల్సింది ఒకటికి మించి తప్పులున్నాయేమో అని. రెండు తప్పులు కలిస్తే మిగిలే తేడాలో ఏ తప్పు ఆనవాలూ కనిపించదు. అందుకని అంకెను కాసేపు పక్కన పెట్టి, వెతకాల్సిన చోటును తగ్గించుకోవాలి.

హద్దు గీసే ట్రయల్‌ బ్యాలెన్స్‌

తెలుగు మీడియం పుస్తకాల్లో ‘అంకణా’ అనే ట్రయల్‌ బ్యాలెన్స్‌ దగ్గరకు వెళ్లండి. అక్కడ డెబిట్‌, క్రెడిట్‌ మొత్తాలు కలిశాయా? మన దుకాణం అంకణా కలిసింది. అంటే ఏడాది పొడవునా రాసిన వందలాది ఎంట్రీల జోలికి పోనక్కర్లేదు. తేడా అంకణా నుంచి బ్యాలెన్స్‌ షీట్‌కు వచ్చే దారిలోనే పుట్టింది. అంకణాయే కలవకపోతే మాత్రం లెడ్జర్ల దాకా వెనక్కి వెళ్లాలి. అది వేరే పని, ఎక్కువ సమయం పట్టే పని.

ఆ చిన్న దారిలో జరిగేవి కొన్నే. లాభాన్ని లాభనష్టాల ఖాతా నుంచి తెచ్చుకోవడం, మిగతా నిల్వలను ఎత్తి రాయడం, అంకణాలో లేని సర్దుబాట్లు చేయడం, మొత్తాలు వేయడం. లాభం రెండుచోట్లా 2,25,000 ఉంది, సరిపోయింది. మొత్తాలూ సరే. ఇక సర్దుబాట్లు.

అంకణా బయట ఇచ్చిన ప్రతి సర్దుబాటునూ మనమే రెండుచోట్ల చూపాలి. సాఫ్ట్‌వేర్‌ లేకుండా ఎక్సెల్‌లో చేసే షీట్లలో తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. ఈ దుకాణానికి మూడు సర్దుబాట్లున్నాయి. ముగింపు సరుకు 4,60,000 వర్తకపు ఖాతాలో ఉంది, ఆస్తుల్లోనూ ఉంది. చెల్లించాల్సిన కరెంటు బిల్లు, అద్దె కలిపి 18,000 ఖర్చుల్లో ఉంది, అప్పుల వైపూ ఉంది. ఫర్నిచర్‌ మీద 10 శాతం తరుగుదల 30,000 లాభనష్టాల ఖాతాలో ఖర్చుగా పడింది. మరి ఆస్తుల్లో? ఫర్నిచర్‌ ఇంకా 3,00,000గానే ఉంది!

లాభాన్ని తగ్గించారు కానీ ఆస్తిని తగ్గించలేదు. ఫర్నిచర్‌ను 2,70,000 చేస్తే ఆస్తుల మొత్తం 12,15,000 అవుతుంది. ఇక్కడో చిన్న జాగ్రత్త. తరుగుదల అంకణాలోనే ఒక వరుసగా కనిపిస్తే ఆస్తిని అప్పటికే తగ్గించేశారని అర్థం. మళ్లీ తగ్గిస్తే కొత్త తేడా తెచ్చుకున్నట్టే.

తిరగబడ్డ తేడా

ఇప్పుడు ఆస్తులు 12,15,000, అటువైపు 12,24,000. తేడా రూ.9,000, అదీ ఎదురు దిశలో. ఇక్కడ చాలామంది కంగారుపడి, చేసిన సవరణను వెనక్కి తీసుకుంటారు. అక్కర్లేదు. తరుగుదల సవరణకు లెక్కలో ఆధారం ఉంది. తేడా తగ్గిందా పెరిగిందా అన్నదాన్ని బట్టి సవరణ తప్పొప్పులు తేల్చకూడదు. ఇన్నాళ్లూ 30,000 కింద దాక్కున్న రెండో తప్పు ఇప్పుడు బయటపడింది, అంతే.

మళ్లీ అవే మూడు ప్రశ్నలు. 9,000 ఏ వరుసలోనూ లేదు. 4,500 కూడా లేదు. 9తో భాగిస్తే? సరిగ్గా 1,000. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ 9 గుణిజమే అవుతుంది. 12ను 21గా రాస్తే తేడా 9. 47ను 74గా రాస్తే 27. భాగిస్తే వచ్చినది 1,000 కాబట్టి తారుమారైనవి వేల, పదివేల స్థానాల్లోని అంకెలు. వాటి మధ్య తేడా 1.

షీట్‌లో అలాంటి వరుసలు ఎన్నున్నాయో చూడండి. క్రెడిటర్స్‌ 2,21,000లో 2, 1. నగదు 21,600లోనూ 2, 1. మిగతా వేటిలోనూ ఈ లెక్క కుదరదు. ఈ రెండింటిలో ఏది? ఇందాక చెప్పిన దిశ ఇక్కడ పనికొస్తుంది. ఇప్పుడు ఎక్కువున్నది అప్పుల వైపు. నగదు నిజానికి 12,600 అయితే ఆస్తులు ఇంకా తగ్గి తేడా 18,000 అవుతుంది. కాబట్టి అది కాదు. క్రెడిటర్స్‌ అసలు అంకె 2,12,000 అయితే సరిపోతుంది. అంకణా తెరిచి చూస్తే అక్కడ ఉన్నది 2,12,000. రెండు వైపులా 12,15,000!

అంకణా చూడకుండా అంకె మార్చొద్దు. 1,000ని పొరపాటున 10,000 అని వేసినా తేడా 9,000 వస్తుంది. 9 గుణిజం అనుమానితుణ్ని చూపిస్తుందే తప్ప సాక్ష్యం కాదు.

సగం సూత్రానికీ ఈ షీట్‌లోనే ఉదాహరణ ఉంది. సొంతవాడకాలు 1,20,000ను తీసేయాల్సిందిపోయి కలిపేశారనుకోండి, తేడా 2,40,000 వస్తుంది. అందులో సగం మీ కళ్లముందే ఉంటుంది.

ఎక్సెల్‌, ట్యాలీ సంగతులు

తేడా సరిగ్గా ఒక వరుసలోని అంకెకు సమానమైతే, ఎక్సెల్‌లో ముందు చూడాల్సినవి రెండు. కొత్తగా చేర్చిన వరుస మొత్తం ఫార్ములా పరిధిలోకి వచ్చిందా? ఆ అంకె టెక్స్ట్‌గా పడిందా? వేరేచోట నుంచి కాపీ చేసినప్పుడు అంకె టెక్స్ట్‌గా మారితే, కంటికి మామూలుగానే కనిపిస్తుంది కానీ SUM దాన్ని లెక్కలోకి తీసుకోదు. ఆస్తులు B2 నుంచి B6 వరకు, అటువైపువి E2 నుంచి E7 వరకు ఉండి, సొంతవాడకాలను మైనస్‌ గుర్తుతో వేస్తే ఈ రెండు ఫార్ములాలు చాలు. మొదటిది తేడా చూపిస్తుంది. రెండోది ఆ గడిలో ఉన్నది నిజంగా అంకెయేనా అన్నది చెబుతుంది.

```
=ROUND(SUM(B2:B6)-SUM(E2:E7),2)
=ISNUMBER(B4)
```

ట్యాలీలో పని వేరు. డెబిట్‌, క్రెడిట్‌ సమానం కాని వోచర్‌ను అది సేవ్‌ కానివ్వదు. అయినా బ్యాలెన్స్‌ షీట్‌లో ఒక్కోసారి ‘Difference in opening balances’ అనే వరుస కనిపిస్తుంది. లెడ్జర్లు సృష్టించేటప్పుడు టైప్‌ చేసిన ప్రారంభ నిల్వలు ఒకదానితో ఒకటి కలవలేదని దానర్థం. అప్పుడు ఈ ఏడాది వోచర్లు వెతికి లాభం లేదు. నిరుటి ఆడిట్‌ అయిన బ్యాలెన్స్‌ షీట్‌ పక్కన పెట్టుకుని, ఒక్కో లెడ్జర్‌ ప్రారంభ నిల్వను సరిచూసుకోవాలి.

గడువు దగ్గరపడ్డప్పుడు తేడాను అనామతు ఖాతా, అంటే సస్పెన్స్‌ అకౌంట్‌లో వేసి ముందుకెళ్లడం మామూలే. తప్పు దొరికేదాకా అది తాత్కాలిక చోటు. మన మొదటి చిత్తు ప్రతిలో 21,000 సస్పెన్స్‌లో వేసి వదిలేస్తే? షీట్‌ కలిసిపోయేది. ఫర్నిచర్‌ 30,000, క్రెడిటర్స్‌ 9,000 ఎక్కువగానే ఉండిపోయేవి. ‘సస్పెన్స్‌లో ఏముంది?’ అన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబుండేది కాదు.

షీట్‌ కలిశాక ఇంటర్వ్యూ చేసేవారు అడగగల ఇంకో ప్రశ్న ఉంది: ‘కలిసింది కాబట్టి సరైనదేనా?’ కాదు. ఒక కొనుగోలు బిల్లును అసలు రాయకపోతే రెండు వైపులా సమానంగా తప్పిపోతుంది. ఫ్యాను రిపేరు ఖర్చును ఫర్నిచర్‌లో కలిపినా షీట్‌ కలుస్తుంది. పెద్ద ఉదాహరణ హైదరాబాద్‌లోనే ఉంది. సత్యం కంప్యూటర్స్‌ ఛైర్మన్‌ రామలింగరాజు 2009 జనవరి 7న రాసిన లేఖ ప్రకారం, 2008 సెప్టెంబరు 30 నాటి పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు రూ.5,361 కోట్లుగా ఉంటే, అందులో రూ.5,040 కోట్లు అసలు లేనే లేవు. ఆ షీట్‌ రెండు వైపులా కలిసే ఉంది. లేని నగదుకు ఎదురుగా లేని లాభాలు పేరుకున్నాయి.

అందుకే మన దుకాణం షీట్‌లోనూ 12,15,000 రెండు వైపులా కనిపించాక పెన్ను కింద పెట్టరు. బ్యాంకు 1,48,400ను మార్చి 31 నాటి స్టేట్‌మెంట్‌తో పోల్చి, ఇచ్చినా ఇంకా పాస్‌ కాని చెక్కులను లెక్కేస్తారు. డెటర్స్‌ 3,15,000ను పేరుపేరునా జాబితా వేసి, పెద్ద బాకీలున్నవారి నుంచి ధ్రువీకరణ అడుగుతారు. ఆడిట్‌లో అయితే ఆ జవాబు దుకాణానికి కాకుండా నేరుగా ఆడిటర్‌కే రావాలి.