రెండు బొమ్మల మధ్య నవ్వు

‘ఎక్స్‌పెక్టేషన్, రియాలిటీ’ మీమ్‌లలో బాగా పేరుపడ్డది కుకీ మాన్‌స్టర్ కప్‌కేక్. అమెరికా పిల్లల కార్యక్రమం ‘సెసమీ స్ట్రీట్’లో కనిపించే నీలిబొచ్చు పాత్ర అది. మొదటి ఫొటోలో నీలం క్రీమ్ బొచ్చులా నిలబడి ఉంటుంది, కళ్లు ముద్దుగా గుండ్రంగా ఉంటాయి, నోట్లో బిస్కెట్ ఉంటుంది. రెండో ఫొటోలో అదే ముఖం అష్టవంకర్లు పోయి ఉంటుంది. కేక్ చల్లారకముందే క్రీమ్ పెడితే వెన్న కరిగి, కళ్లు జారి, ఇలాంటి తిప్పలే వస్తాయి.

గట్టిగా ఎదురుచూసినది ఒక్కసారిగా తుస్సుమంటే నవ్వు పుడుతుందని జర్మన్ తత్వవేత్త కాంట్ 1790లోనే రాశాడు. మొదటి బొమ్మ పని ఆ ఆశ పుట్టించడమే. అందుకే వరస తిరగేస్తే నవ్వు రాదు.

కానీ తేడా ఒక్కటే చాలదు, పోలిక కూడా మిగలాలి. రెండో ఫొటోలో ఉత్త మాడిన కేక్ ఉంటే ‘అయ్యో, పాడైంది’ అనుకుని వదిలేస్తాం. అదే నీలం, అవే కళ్లు, అదే బిస్కెట్ ఉండబట్టే చేసినవాళ్లు ఎంత పాటుపడ్డారో కనిపిస్తుంది. మనసు ఒక్కో భాగాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంటుంది. నవ్వు అక్కడే పుడుతుంది.

దీనికో హద్దుంది. పోయింది కేకే కాబట్టి నవ్వగలం. చెయ్యి కాలిన ఫొటో అయితే నవ్వలేం. ఒకరి ఒంటి రంగునో రూపాన్నో ‘రియాలిటీ’గా పెడితే అది హాస్యం కాదు, అవమానం. అలాంటివి ఫార్వర్డ్ చేయకండి.