కీమో అవసరమా? కణితిని అడిగి చూస్తే

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక తీసిన కణితిని పారేయరు. మైనపు దిమ్మలో భద్రపరుస్తారు. దాని నుంచి పలుచని ముక్కలు కోసి ల్యాబుకు పంపితే, అందులోని ఆర్‌ఎన్‌ఏ ఆధారంగా ఏ జన్యువు ఎంత చురుగ్గా ఉందో కొలుస్తారు. ఆంకోటైప్ డీఎక్స్ పరీక్ష 21 జన్యువులను చూస్తుంది. వాటిలో 16 క్యాన్సర్‌కు సంబంధించినవి, 5 పోలిక కోసం. ఫలితం 0 నుంచి 100 మధ్య ఒక స్కోరు. అది పెరిగేకొద్దీ జబ్బు తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది.

ఈ పరీక్ష అందరికీ కాదు. హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్, హెర్2 నెగటివ్ రకానికే.

2018లో వెలువడిన టైలర్‌ఎక్స్ అధ్యయనం చంకలోని గ్రంథులకు క్యాన్సర్ పాకని పది వేల మందికి పైగా రోగులను పరిశీలించింది. స్కోరు 11–25 ఉన్నవారిలో సగం మందికి హార్మోన్ మాత్రలే ఇచ్చారు, మిగతా సగానికి కీమో కూడా. తొమ్మిదేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవారు 83.3 శాతం, 84.3 శాతం. అంత కష్టమైన చికిత్సకు దక్కింది దాదాపు ఏమీ లేదు.

అయితే వయసు లెక్క మారుస్తుంది. స్కోరు 19 వచ్చిన 58 ఏళ్ల మహిళకు సాధారణంగా మాత్రలు చాలు. అదే స్కోరున్న 42 ఏళ్ల మహిళకు కీమోతో కొంత మేలు కనిపించింది. కీమో అండాశయాలను అణచడం అందుకు ఒక కారణం కావచ్చు. అందుకే డాక్టరు స్కోరుతోపాటు కణితి సైజు, గ్రేడు, నెలసరి ఆగిందా లేదా అన్నవీ చూస్తారు. స్కోరు 26 లేదా అంతకంటే ఎక్కువైతే సాధారణంగా కీమో సూచిస్తారు.