మొదటి ఫీజు కట్టే ముందు కాలేజీ బ్రోచర్ చదివే పద్ధతి

ఇంజనీరింగ్ సీటుకు సహాయం కోరుతూ మన సొసైటీకి వచ్చేవారు దరఖాస్తుతో పాటు కాలేజీవాళ్ల రంగుల బ్రోచర్ కూడా తెస్తుంటారు. యాకుత్‌పురా నుంచి వచ్చిన ఒక ఆటో డ్రైవరు అందులో ఒక చోట వేలు పెట్టి చూపించారు. "మాస్టర్ సాబ్, తొంభై శాతం పిల్లలకు ఉద్యోగాలంట." మర్నాడే ఫీజు కట్టాలి. అందులో సగం మీరిచ్చిన విరాళం. మిగతా సగం వాళ్లావిడ గాజులు తాకట్టు పెట్టి తెచ్చింది.

"ఎంతమందిలో తొంభై?" అని అడిగాం. ఆ సంగతి బ్రోచర్‌లో లేదు.

అసలు కిటుకు అక్కడే ఉంది. ఉదాహరణకు ఒక కాలేజీలో 300 మంది చేరారనుకుందాం. నాలుగేళ్లలో సబ్జెక్టులు మిగలకుండా పాసైనవారు 180 మంది. వారిలో మార్కుల షరతు దాటి ప్లేస్‌మెంట్‌కు పేరు ఇచ్చినవారు 100 మంది, ఉద్యోగం వచ్చినవారు 90 మంది. బ్రోచర్ తొంభై శాతం అంటుంది, అది అబద్ధం కాదు. కానీ పాసైనవారిలో అది సగమే. చేరినవారిలో చూస్తే వందకు ముప్పై మందే. మన బిడ్డ రేపు చేరేది ఆ 300 మందిలో. ఒకే విద్యార్థికి మూడు కంపెనీల ఆఫర్లు వస్తే మూడుగా లెక్కవేసే వాళ్లూ ఉన్నారు. అందుకే ఆఫర్లెన్ని అని కాక విద్యార్థులెందరు అని అడగాలి.

జీతం విషయంలోనూ ఇంతే. పెద్ద అక్షరాల్లో వేసే 'హయ్యెస్ట్ ప్యాకేజీ' ఒక్క విద్యార్థిది. మనకు కావలసింది మీడియన్, అంటే జీతాలన్నీ వరుసగా పేర్చితే సరిగ్గా మధ్యలో ఉండేది.

ఈ అంకెలు దొరికే చోటు ఒకటుంది. కేంద్ర విద్యాశాఖ 2016 నుంచి ఎన్.ఐ.ఆర్.ఎఫ్. ర్యాంకులు ప్రకటిస్తోంది. అందులో పాల్గొన్న కాలేజీ తాను పంపిన వివరాలను తన వెబ్‌సైట్‌లోనూ పెట్టాలి. ఆ పీడీఎఫ్‌లో మూడు బ్యాచ్‌ల లెక్క ఉంటుంది: చేరినవారు, గడువులో పాసైనవారు, ఉద్యోగం వచ్చినవారు, మీడియన్ జీతం, పై చదువులకు వెళ్లినవారు. డిప్లొమా చేసి రెండో ఏడాదిలో చేరినవారిని వేరే గడిలో చూపిస్తారు, వాళ్లనూ కలుపుకోవాలి. ఇవి కాలేజీ తానే ఇచ్చిన అంకెలు కాబట్టి కిందటేడు పాసైన ఇద్దరు ముగ్గురు పిల్లలనూ అడగడం మంచిది.

బ్రోచర్‌పై ఎన్.ఐ.ఆర్.ఎఫ్. ముద్ర ఉన్నంత మాత్రాన ర్యాంకు వచ్చినట్టు కాదు, దరఖాస్తు పెట్టినా ఆ ముద్ర వేసుకుంటారు. nirfindia.org లో సంవత్సరం, 'Engineering' ఎంచుకుని పేరు వెతకాలి. చాలా చిన్న కాలేజీలు అందులో పాల్గొనవు. అప్పుడు చేరినవారు, పాసైనవారు, ఉద్యోగం వచ్చినవారు ఎందరో లెటర్‌హెడ్ మీద రాసిమ్మని అడగాలి.

ఆ తండ్రి అలాగే అడిగారు. ఇవ్వలేదు. ఫీజు కట్టలేదు కాబట్టి ఆ సీటు పోయింది. రెండో విడత కౌన్సెలింగ్‌లో మళ్లీ ఆప్షన్లు పెట్టించాం.