బోర్డు మీద విదేశీ పేరే.. మరి జాబ్ లెటర్ ఇచ్చింది ఎవరు? బ్రాంచికీ, సబ్సిడరీకీ తేడా తెలుసుకోండి

చోడవరం: మొన్న మా వీధిలో ఒక ఖాలా తన కొడుక్కి వచ్చిన జాబ్ లెటర్ తెచ్చి చూపించారు. "విదేశీ కంపెనీ బాబూ, ఇక భయం లేదు కదా?" అని అడిగారు. లెటర్ పైన లోగో విదేశీ కంపెనీదే. కింద సంతకం దగ్గర మాత్రం ఇంకో పేరుంది, చివర్లో "ప్రైవేట్ లిమిటెడ్" అని ఉంది. అంటే ఆ అబ్బాయికి ఉద్యోగం ఇచ్చింది విదేశీ కంపెనీ కాదు, దాని ఇండియా సబ్సిడరీ. భయపడాల్సిన విషయమేమీ కాదిది. కానీ రేపు జీతం ఆగినా, ప్రమాదం జరిగినా ఎవరిని అడగాలన్నది ఈ ఒక్క తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

విదేశీ కంపెనీ మన దేశంలో ముఖ్యంగా రెండు రకాలుగా వ్యాపారం పెడుతుంది. మొదటిది బ్రాంచి. ఇక్కడ కొత్త కంపెనీ ఏదీ పుట్టదు. ఆ విదేశీ కంపెనీయే తన పేరుతో ఇక్కడ ఆఫీసు తెరిచి, 2013 కంపెనీల చట్టం 380వ సెక్షన్ ప్రకారం 30 రోజుల్లో రిజిస్ట్రార్‌కు కాగితాలు ఇస్తుంది. బ్రాంచి చేసిన అప్పు ఆ కంపెనీ అప్పే. రెండోది సబ్సిడరీ. ఇది మన చట్టం కింద కొత్తగా పుట్టిన కంపెనీ. విదేశీ కంపెనీ ఇందులో షేర్లు కొన్న యజమాని మాత్రమే. సబ్సిడరీ బాకీ పడితే దాని ఆస్తుల నుంచే కట్టాలి, మామూలుగా ఆ బాకీ యజమాని జేబు దాకా వెళ్లదు.

రెండూ మన విశాఖలోనే చూడొచ్చు. హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు బ్రాంచికి వెళ్తే, అది హాంకాంగ్‌లో ఏర్పడిన "ది హాంకాంగ్ అండ్ షాంఘై బ్యాంకింగ్ కార్పొరేషన్ లిమిటెడ్" అనే కంపెనీయే. ప్రకటనల్లో "హెచ్‌ఎస్‌బీసీ ఇండియా" అని రాసినా, ఇండియాలో ఆ బ్యాంకు కోసం వేరే కంపెనీ లేదు. అదే గ్రూపు హైదరాబాద్, విశాఖల్లో నడిపిన బ్యాక్ ఆఫీసు మాత్రం "హెచ్‌ఎస్‌బీసీ ఎలక్ట్రానిక్ డేటా ప్రాసెసింగ్ ఇండియా ప్రైవేట్ లిమిటెడ్" అనే మన దేశ కంపెనీది. ఒకే లోగో, ఒకే నగరం, కానీ చట్టం దృష్టిలో ఇద్దరు వేర్వేరు వ్యక్తులు. కాబట్టి పేరులో "లిమిటెడ్" ఉందనో, "ఇండియా" ఉందనో అక్కడితో తేల్చేయకూడదు.

ఫ్యాక్టరీల విషయంలో ఒక సులువైన గుర్తు ఉంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం విదేశీ కంపెనీ బ్రాంచి ఆఫీసు ఇక్కడ నేరుగా సరుకు తయారు చేయకూడదు, రిటైల్ అమ్మకాలూ చేయకూడదు. ప్రత్యేక ఆర్థిక మండళ్లలో మాత్రం షరతులతో మినహాయింపు ఉంది. అందుకే విదేశీ పేరుతో నడిచే ఫ్యాక్టరీ చాలావరకు సబ్సిడరీయే అయి ఉంటుంది. 2022లో అచ్యుతాపురంలో ప్రారంభమైన ఫ్యాక్టరీని అందరూ జపాన్ యోకోహామా అనే అంటారు. దాన్ని పెట్టిన కంపెనీ పేరు మాత్రం ఏటీసీ టైర్స్ ఏపీ ప్రైవేట్ లిమిటెడ్.

ఈ తేడా కష్టకాలంలో ఎలా ఉంటుందో విశాఖ జనం కళ్లారా చూశారు. 2020 మే 7న తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకై 12 మంది చనిపోయారు. అది కొరియా కంపెనీ అని అందరం అన్నాం. కానీ ఆ ఫ్యాక్టరీ 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పేరుతో మొదలైంది. 1997లో కొరియాకు చెందిన ఎల్‌జీ కెమ్ చేతికి వచ్చి ఎల్‌జీ పాలిమర్స్ ఇండియా ప్రైవేట్ లిమిటెడ్ అయ్యింది. అంటే ఎల్‌జీ కెమ్ యజమాని, ఫ్యాక్టరీ నడిపింది ఇండియా కంపెనీ.

మర్నాడు, మే 8న, జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమని ఆదేశించింది కూడా ఈ ఇండియా కంపెనీనే. తర్వాత మే నెలలోనే హైకోర్టు ఫ్యాక్టరీ ఆవరణను సీజ్ చేయమంది, కోర్టు అనుమతి లేకుండా డైరెక్టర్లు దేశం దాటి వెళ్లకూడదంది. కోర్టులు ఆ దారిలో ఎందుకు వెళ్లాయో ఇప్పుడు అర్థమవుతుంది. సబ్సిడరీ అయినప్పుడు బాధితుడి చేతికి అందేది ఇక్కడున్న ఆస్తి, ఇక్కడున్న డైరెక్టర్లే. యజమాని కంపెనీని కూడా బాధ్యుణ్ని చేయాలంటే, దాని పాత్ర ఏమిటో విడిగా రుజువు చేయాలి. భోపాల్‌లో నడిచిన వాదన కూడా ఇదే. అమెరికా యూనియన్ కార్బైడ్‌కు ఇండియా కంపెనీలో 50.9 శాతం వాటా ఉన్నా, ఫ్యాక్టరీ వేరే కంపెనీదని ఏళ్ల తరబడి వాదించింది. చివరికి 1989 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందు 47 కోట్ల డాలర్ల రాజీతో ఆ సివిల్ కేసు ముగిసింది.

అలాగని బ్రాంచి అయితే అంతా సులువు అనుకోవద్దు. బాధ్యత నేరుగా అసలు కంపెనీదే, కానీ దాని ఆస్తులు ఎక్కువగా విదేశంలో ఉంటాయి. ఇక్కడ ఉన్నది అద్దె ఆఫీసు, నాలుగు కంప్యూటర్లే అయితే, కోర్టులో గెలిచినా వసూలుకు పరదేశం దాకా పోవాలి. ఒక్క సౌకర్యం ఉంది. నోటీసులు తీసుకోవడానికి ఇండియాలో ఉండే ఒక మనిషి పేరు, అడ్రసు రిజిస్ట్రార్ దగ్గర ఇవ్వడం తప్పనిసరి. కాబట్టి "హెడ్డాఫీసు విదేశంలో ఉంది, అక్కడికే రాసుకోండి" అంటే ఒప్పుకోనక్కర్లేదు.

ఇక చెక్ చేసుకోవడం ఎలా? ముందు లెటర్‌లో సంతకం పైన ఉన్న పూర్తి పేరు, అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. లోగో వదిలేయండి. ఆ పేరును కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్ www.mca.gov.in లో View Company/LLP Master Data అనే చోట వెతకండి. లాగిన్ అడిగితే ఉచితంగానే రిజిస్టర్ కావచ్చు. అక్కడ వచ్చే నంబరే అసలు సంగతి చెబుతుంది. నమూనా ఇలా ఉంటుంది:

```
U00000AP2015FTC000000
F00000
```

మొదటిది 21 అక్షరాల CIN, అంటే ఇండియా కంపెనీ. మధ్యలో AP రాష్ట్రం, 2015 పుట్టిన ఏడాది, FTC అంటే విదేశీ కంపెనీకి సబ్సిడరీ. అక్కడ PTC అని ఉన్నా సబ్సిడరీ కాదని అనుకోవద్దు. విదేశీయులు తర్వాత కొన్న కంపెనీలకు పాత అక్షరాలే మిగిలిపోవచ్చు. రెండోది F తో మొదలయ్యే చిన్న నంబరు, FCRN. అది విదేశీ కంపెనీ ఇక్కడ నమోదు చేసుకున్నదానికి గుర్తు. పక్కనే స్టేటస్ Active అని ఉందో, Strike Off అని ఉందో కూడా చూడండి. రెండు రకాల నంబర్లలో ఏదీ దొరక్కపోతే, ఆ పేరు కంపెనీదే కాకపోవచ్చు. పూర్తి పేరు, నంబరు అడిగి తెప్పించుకున్నాకే ముందుకెళ్లాలి.

సైట్ చూడలేనివాళ్లు ఆఫీసు బయట బోర్డు చూడండి. 382వ సెక్షన్ ప్రకారం విదేశీ కంపెనీ ప్రతి ఆఫీసు బయటా తన పేరు, తాను ఏ దేశంలో ఏర్పడిందో ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ రాయాలి. లెటర్ హెడ్ మీద కూడా దేశం పేరు ఉండాలి.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు ఇదే లెక్క తిరగేసి వర్తిస్తుంది. అక్కడ మన కంపెనీయే విదేశీ కంపెనీ. ఎస్‌బీఐనే చూడండి. బహ్రెయిన్‌లో ఉన్నది మన ఎస్‌బీఐ బ్రాంచి. బ్రిటన్‌లో మాత్రం 2018 ఏప్రిల్ నుంచి రిటైల్ బ్యాంకింగ్‌ను స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా యూకే లిమిటెడ్ అనే అక్కడి సబ్సిడరీకి మార్చారు. కాబట్టి "ఇండియా కంపెనీయే కదా" అని ఏజెంట్ చెప్పినా, కాంట్రాక్టులో యజమాని పేరు దగ్గర ఏముందో చూడండి. ఎల్‌ఎల్‌సీ అని ఉంటే అది అక్కడి కంపెనీ, జీతం బాకీ కూడా దానిదే. హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఉన్న ఆఫీసుకు వెళ్లి అడిగితే "అది వేరే కంపెనీ" అనే జవాబు వస్తుంది, చట్టం ప్రకారం ఆ జవాబు చాలాసార్లు నిజమే.

ఖాలా కొడుకు లెటర్‌లోని పేరు సైట్‌లో దొరికింది. నంబరులో FTC ఉంది, స్టేటస్ Active. ఆ పేజీ ప్రింట్ తీసి లెటర్‌తో పాటు ఫైల్లో పెట్టమని చెప్పాను. పీఎఫ్ పాస్‌బుక్‌లోనూ, జీతం స్లిప్పులోనూ ఇదే పేరు వస్తోందో లేదో మొదటి నెలలోనే చూసుకోమన్నాను.