ఇటుక బట్టీకి వైద్య వాహనం కావాలంటే

‘మా మండలంలో వలస కూలీలకు సంచార వైద్యశాల లేదు, అందుకే అది కావాలి.’ కంపెనీల సీఎస్‌ఆర్ నిధుల కోసం రాసే దరఖాస్తుల్లో అవసరాన్ని వివరించే పేజీ తరచూ ఇలాగే మొదలవుతుంది. బండి లేకపోవడం జబ్బు కాదు, బండి మనం అడుగుతున్న మందు. జబ్బేమిటో, ఎందరికో అంకెల్లో చెప్పమంటే చాలామంది జిల్లా సగటు తెచ్చి అతికిస్తారు.

పెద్దపల్లి, సంగారెడ్డి వైపు ఇటుక బట్టీలకు ఆ సగటు పనికిరాదు. ఒడిశాలోని బలాంగీర్, నువాపడా వంటి జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు అడ్వాన్సు తీసుకుని చలికాలం ముందు వస్తాయి, వానలు పడేలోగా వెళ్లిపోతాయి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2011 జనగణన జాబితా ఆధారంగా ఊళ్లను ఎంచుకుంది. ఏటా లేచి ఏటా కూలే బట్టీ గుడిసెలు అందులోకి వచ్చాయన్న భరోసా లేదు. వచ్చినా జిల్లా మొత్తంలో కలిసిపోతాయి.

పనికొచ్చే లెక్క దగ్గర్లోనే దొరుకుతుంది. పల్స్ పోలియో కోసం ఏఎన్ఎంలు వేసుకునే ప్రణాళికలో బట్టీలను ప్రత్యేకంగా చూడాల్సిన చోట్లుగా రాసుకుంటారు. మండలంలో బట్టీలు ఎన్నో తేలడానికి ఆ జాబితాతోనే మొదలుపెట్టాలి. కార్మిక శాఖ రిజిస్టరు కూడా చూడండి గాని, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. యజమాని నమోదు చేయించిన వాళ్లే అందులో ఉంటారు, పిల్లలు ఉండరు.

ఒక మండలం ఊహించుకుందాం. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే. జాబితాలో 20 బట్టీలున్నాయి. చిన్నవీ పెద్దవీ కలిపి అయిదింటికి వెళ్లి గుడిసెలు లెక్కపెడితే 200 కుటుంబాలు, 600 మంది తేలారు. ఆ లెక్కన మండలంలో సుమారు 2,400 మంది. ఇప్పుడు పీహెచ్‌సీ ఓపీ రిజిస్టరు తీసి ఒక్క జనవరి నెల చూడాలి. స్థానిక జనాభా 30,000, వాళ్లు వచ్చింది 2,100 సార్లు. అంటే నూటికి ఏడు. బట్టీ వాళ్లు వచ్చింది 36 సార్లే, నూటికి ఒకటిన్నర. ఊరివాళ్లలాగే వచ్చుంటే 168 సార్లు రావాలి. ఆ 132 తేడాయే దరఖాస్తుకు వెన్నెముక.

అయితే ఇక్కడ రెండు గోతులున్నాయి. చిరునామా గడిలో గుమాస్తా పక్క ఊరి పేరు రాసేస్తే ఒడిశా మనిషి స్థానికుడైపోతాడు. అందుకే కొన్ని రోజులు ఓపీ దగ్గర కూర్చుని సరిచూడాలి. రెండోది, ఆసుపత్రికి రాకపోవడం ఆరోగ్యానికి గుర్తు కావచ్చు, ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తున్నారన్నమాటా కావచ్చు. కాబట్టి బట్టీలో ఒక ప్రశ్న అడగాలి: గత నెలలో జబ్బు చేసినప్పుడు ఎక్కడికి వెళ్లారు, ఎందుకు? ఒడియా వచ్చిన మనిషి అడగాలి, మేస్త్రీ పక్కన లేనప్పుడు అడగాలి. కూలి వెయ్యి ఇటుకల చొప్పున లెక్క. పీహెచ్‌సీ తెరిచి ఉండే పగటి వేళ వెళ్తే ఆ పూట ఇటుకలు పోతాయి. ఈ జవాబే ఎక్కువగా వస్తే, బండి ఏ వేళకు రావాలో కూడా అదే చెబుతుంది.

పిల్లల టీకాల దగ్గర అత్యాశ పనికిరాదు. ఆ అయిదు బట్టీల్లో ఏడాది దాటి రెండేళ్లు నిండని పిల్లలు 24 మంది అనుకోండి. 15 మంది తల్లులు కార్డు చూపారు, వారిలో ఆరుగురి పిల్లలకు తొమ్మిదో నెల తర్వాత పడాల్సిన మీజిల్స్-రుబెల్లా టీకా పడలేదు. కార్డు లేని తొమ్మిది మందిని కూడా ‘టీకా లేనివారు’గా కలిపితే అంకె ఆరు నుంచి 15కి ఎగబాకుతుంది. నిధులిచ్చేవాళ్ల డాక్టరు ఒక్క ప్రశ్నతో దాన్ని కూల్చేస్తాడు. ‘15లో ఆరుగురికి లేదు, తొమ్మిది మంది సంగతి తెలియదు’ అని రాయడమే గట్టి వాదన.

ఇన్ని లెక్కలు పేజీలో కుక్కనక్కర్లేదు. చివరికి నాలుగు వాక్యాలు చాలు: ‘నవంబరు నుంచి మే వరకు మా మండలంలోని 20 బట్టీల్లో సుమారు 2,400 మంది ఉంటారు. అయిదు బట్టీల లెక్కను పెంచి వేసిన అంచనా ఇది. జనవరిలో పీహెచ్‌సీకి వారు వచ్చిన రేటు స్థానికుల రేటులో అయిదో వంతుకు కాస్త ఎక్కువ. పగటి కూలి పోతుందనే రాలేదని ఎక్కువమంది చెప్పారు.’

సర్వే డిసెంబరు, జనవరుల్లోనే చేయాలి. జూలైలో వెళ్తే బట్టీ ఖాళీగా ఉంటుంది. దరఖాస్తు వేసవిలోనే పడాలి. కమిటీలు తీర్మానించి డబ్బు విడుదల చేసేసరికి నెలలు పడుతుంది, బండి మార్చిలో వస్తే ఆ సీజన్లో మిగిలేది ఎండాకాలమే.